‘ఎస్టర్‌డే’ పక్కన ‘హావ్’: ఖాళీలు నింపితే పోని పొరపాటు

ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం గురించిన చర్చ ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి, తెలంగాణలో 2022 నుంచి ఎన్ని మలుపులు తిరిగినా, దాని అడుగున ఉన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది: పదేళ్లకు పైగా ఇంగ్లీషు చదివినవారు ఉద్యోగంలో చేరి రాసే మొదటి లేఖలోనే తప్పులెందుకు దొర్లుతాయి? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మాధ్యమం మీదా, ఉపాధ్యాయుల కొరత మీదా వాదోపవాదాలు సాగుతాయే తప్ప, ఏదైనా ఒక్క తప్పును పట్టుకుని అది ఎక్కడ పుడుతోందో, ఎన్ని తరగతులు దాటినా ఎందుకు పోవడం లేదో చివరిదాకా వెతికి చూడడం అరుదు. అలా వెతకదగిన తప్పు ఒకటి తెలుగువారి ఇంగ్లీషులో నిత్యం వినబడుతుంది: “ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే.” ‘నిన్న’, ‘పోయిన వారం’, ‘2019లో’ వంటి గడిచిపోయిన కాలాన్ని చెప్పే మాటలతో ‘ప్రెజెంట్ పర్ఫెక్ట్’ను, అంటే ‘హావ్’ లేదా ‘హాజ్’తో క్రియ మూడో రూపాన్ని కలిపే నిర్మాణాన్ని, వాడడమే ఇక్కడి పొరపాటు. ప్రామాణిక ఇంగ్లీషులో అక్కడ ఉండవలసింది ‘సింపుల్ పాస్ట్’, అంటే “ఐ సా హిమ్ ఎస్టర్‌డే.”

ఇంగ్లీషు ఈ రెండింటినీ ఎందుకు వేరు చేస్తుందో వివరించడానికి తత్త్వవేత్త హాన్స్ రైకెన్‌బాక్ 1947లో చూపిన దారి నేటికీ ఉపయోగపడుతుంది. పని జరిగిన సమయం, మాట్లాడుతున్న సమయం అనే రెండింటికి తోడు, వక్త ఎక్కడ నిలబడి ఆ పనిని చూస్తున్నాడో చెప్పే మూడో సమయం ఒకటి ఉంటుందని, దాన్ని ‘చూపు సమయం’ అనవచ్చునని ఆ వివరణ సారాంశం. సింపుల్ పాస్ట్‌లో ఆ చూపు గతంలోనే నిలుస్తుంది కాబట్టి ‘ఎస్టర్‌డే’ దానితో హాయిగా పొసగుతుంది. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో పని గతంలోదే అయినా చూపు వర్తమానంలో ఉంటుంది. “ఐ హావ్ లాస్ట్ మై కీ” అన్నప్పుడు తాళంచెవి ఎప్పుడు పోయిందన్నది కాక, ఇప్పుడు చేతిలో లేదన్నదే ముఖ్యం. వర్తమానంలో నిలిచిన చూపును ‘ఎస్టర్‌డే’ నిన్నటికి లాగుతుంది గనుక ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి చెవికి ఆ వాక్యం తేడాగా తగులుతుంది.

ఈ నియమం తెలుగు విద్యార్థులకు తెలియనిదేమీ కాదు. ఏ పదో తరగతి విద్యార్థిని అడిగినా ‘ఎస్టర్‌డే’ వస్తే క్రియ రెండో రూపం రాయాలని తడుముకోకుండా చెబుతాడు, ఖాళీ ఇస్తే సరిగానే నింపుతాడు, తరగతి బయట మాట్లాడేటప్పుడు మళ్లీ ‘హావ్’ అంటాడు. తెలిసిన నియమం నోటికి అందకపోవడానికి కారణం మాతృభాష ప్రభావమేనని తేల్చేయడం సులువే కానీ, ఆ సమాధానం సగం దూరమే వెళుతుంది. తెలుగులో ‘చూశాను’ అనే ఒక్క రూపమే ఇంగ్లీషులోని ‘ఐ సా’కూ ‘ఐ హావ్ సీన్’కూ సరిపోతుంది, “నిన్న చూశాను”, “ఈ సినిమా ఇదివరకే చూశాను” అనే రెండు వాక్యాల్లోనూ క్రియలో మార్పు లేదు, తేడా అంతా పక్కనున్న కాలవాచక పదంలో ఉంది. మాతృభాషలో ఒకే రూపం ఉన్నవారు ఇంగ్లీషులోనూ సరళమైన రూపంతో, అంటే సింపుల్ పాస్ట్‌తో, అన్నిచోట్లా సరిపెట్టుకోవాలి. ఒకే భూతకాల రూపం ఉన్న రష్యన్ మాట్లాడేవారి ధోరణి అలాంటిదే; వారు ‘హావ్’ అవసరమైన చోట కూడా దాన్ని వదిలేస్తుంటారు. తెలుగువారు అవసరం లేని చోట ‘హావ్’ను ఎందుకు తెచ్చిపెట్టుకుంటున్నారన్నదే అసలు విప్పవలసిన ముడి.

ఆ ముడి తెలుగులోని ‘ఉన్నాను’ దగ్గర విప్పుకుంటుంది. “ఇప్పుడు ఇంట్లో ఉన్నాను” అనే వాక్యం ఎంత సహజమో “నిన్నంతా ఇంట్లోనే ఉన్నాను” అనేదీ అంతే సహజం. రూపంలో భూతకాలపు పోలిక ఉన్న ఈ క్రియ వర్తమానానికీ భూతానికీ ఒకేలా పనిచేస్తుంది. దాన్ని కలుపుకొని ఏర్పడిన ‘చదువుతున్నాను’ కూడా అంతే: “నిన్న మీరు వచ్చేసరికి చదువుకుంటున్నాను” అంటే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ఇక లాంఛనంగా రాసే ఉత్తరాల్లో “ఈ విషయం తమకు గత నెలలోనే తెలియజేసి ఉన్నాను” అనే నిర్మాణం మామూలే. బళ్లలోనూ గైడుల్లోనూ ‘ఐ హావ్ ఇన్ఫార్మ్‌డ్’ అనేదానికి ‘తెలియజేసి ఉన్నాను’ అనే అర్థమే చెబుతారు గనుక, విద్యార్థి మనసులో ‘హావ్’ అంటే ‘ఉన్నాను’ అని నాటుకుంటుంది. ‘ఉన్నాను’ పక్కన ‘గత నెల’ నిశ్చింతగా నిలుస్తున్నప్పుడు ‘హావ్’ పక్కన ‘లాస్ట్ మంత్’ ఎందుకు నిలవకూడదో అతని భాషాస్పృహకు తోచదు. ఇంగ్లీషు ‘హావ్’ వర్తమానానికి కట్టుబడిన రూపమన్న సంగతి తెలుగు ‘ఉన్నాను’ నుంచి తెలిసే వీలు లేదు.

దీనికి తోడు పని పూర్తయిందని నొక్కి చెప్పే ‘వేయు’ అనే సహాయక క్రియ తెలుగులో విరివిగా వాడుకలో ఉంది. పంపాను, పంపేశాను అనే రెండింటికీ తేడా ఉందని, రెండోది ‘ఆ పని అయిపోయింది, ఇక దాని గురించి అడగనక్కర్లేదు’ అనే భరోసా ఇస్తుందని తెలుగువారందరికీ తెలుసు. ఇంగ్లీషులో దీటైన సహాయక క్రియ కోసం వెతికే వక్తకు వెంటనే చేతికందేది ‘హావ్’. “నిన్ననే పంపేశాను” అనాలన్న తపన “ఐ హావ్ సెంట్ ఇట్ ఎస్టర్‌డే ఇట్‌సెల్ఫ్” అనే వాక్యమై వెలువడుతుంది. చివర వచ్చే ‘ఇట్‌సెల్ఫ్’ మన ‘-నే’కు బదులుగా వచ్చినట్టే, ‘హావ్’ మన ‘-ఏశాను’కు బదులుగా వచ్చింది. కార్యాలయాల్లో ఈ తప్పు ఎక్కువగా వినిపించడానికి కారణం ఇదే, అక్కడ ఎక్కువ మాటలు పని అయిందా లేదా అన్నదాని గురించే.

బడి ఈ ధోరణిని సరిచేయకపోగా రెండు విధాలుగా బలపరుస్తోంది. మొదటిది, ‘ఇప్పుడే ముగిసిన పనికి ప్రెజెంట్ పర్ఫెక్ట్, ఎప్పుడో ముగిసిన పనికి సింపుల్ పాస్ట్’ అనే సూత్రం. ఇది దగ్గరా దూరాల లెక్క. ఆ లెక్కన నిన్న దగ్గరే, మొన్నా దగ్గరే. నిజానికి పది నిమిషాల క్రితం జరిగినదైనా ‘టెన్ మినిట్స్ ఎగో’ అన్న తక్షణం సింపుల్ పాస్ట్ కావాలి, ముప్ఫై ఏళ్ల కిందటి అనుభవమైనా ఎప్పుడన్నది చెప్పనంతవరకు “ఐ హావ్ సీన్ ద తాజ్‌మహల్” అనవచ్చు. రెండోది, ఖాళీలు నింపే అభ్యాసం. కాగితం మీద వాక్యం మొత్తం కళ్లముందుంటుంది. విద్యార్థి చివరనున్న ‘ఎస్టర్‌డే’ను ముందు చూసి, వెనక్కి వచ్చి ఖాళీలో రెండో రూపం రాస్తాడు. మాట్లాడేటప్పుడు ఆ వరుస తలకిందులవుతుంది. “నిన్న నేను అతన్ని చూశాను” అనే తెలుగు వాక్యంలో కాలం ముందు వస్తుంది, క్రియ చివర వస్తుంది; ఇంగ్లీషులో క్రియ ముందే నోటి నుంచి వెళ్లిపోతుంది, కాలం చివర తగులుతుంది. ‘హావ్ సీన్’ అని అనేసిన తర్వాత ‘ఎస్టర్‌డే’ గుర్తొచ్చినా వెనక్కి తిరిగి దిద్దుకునే వ్యవధి ఉండదు. కాగితం మీది సామర్థ్యం నోటికి ఎక్కకపోవడానికి ప్రధాన కారణం ఇది.

ఇతర దేశాల అనుభవం ఈ తప్పును చూసే దృష్టిని కొంత మారుస్తుంది. జర్మన్, ఫ్రెంచ్ భాషల్లో ‘హావ్’కు సమానమైన సహాయక క్రియతో ఏర్పడే రూపం మాటల్లో మామూలు భూతకాలంగా మారిపోయింది కనుక, ఆ దేశాల విద్యార్థులు కూడా ఇంగ్లీషులో ‘హావ్’తో ‘ఎస్టర్‌డే’ను కలుపుతారు. స్పెయిన్ స్పానిష్‌లో ఈరోజు జరిగినదానికి ‘హావ్’ తరహా రూపం, నిన్న జరిగినదానికి సరళ భూతకాలం వాడడం పరిపాటి. లాటిన్ అమెరికా స్పానిష్‌లో చాలా ప్రాంతాల్లో రెండింటికీ సరళ రూపమే సరిపోతుంది. ఆస్ట్రేలియాలో ఇంగ్లీషే మాతృభాషగా ఉన్నవారు సంఘటనలను వరుసగా చెప్పేటప్పుడు, ముఖ్యంగా పోలీసు కథనాల్లో, ప్రెజెంట్ పర్ఫెక్ట్‌ను భూతకాలంలా వాడడాన్ని పరిశోధకులు నమోదు చేశారు. అమెరికన్లు ‘ఆల్రెడీ’, ‘జస్ట్’ వంటి మాటలతో సింపుల్ పాస్ట్‌ను స్వేచ్ఛగా వాడినా, ‘ఎస్టర్‌డే’ విషయంలో మాత్రం బ్రిటిషర్లతో ఏకీభవిస్తారు. ఈ హద్దు తర్కం విధించినది కాదని, ఒక భాష తన చరిత్రలో ఏర్పరచుకున్న కట్టుబాటు మాత్రమేనని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

కట్టుబాటు మాత్రమే అయినప్పుడు భారతీయులు దాన్ని ఎందుకు పాటించాలన్న వాదం కూడా బలమైనదే. రాండాల్ఫ్ క్వర్క్, బ్రజ్ కచ్రూ 1990, 1991 సంవత్సరాల్లో ‘ఇంగ్లిష్ టుడే’ పత్రికలో ఎదురెదురుగా నిలిచి వాదించుకున్నది దీని గురించే: బోధనకు ఒకే ప్రమాణం ఉండాలని క్వర్క్, స్థానికంగా స్థిరపడిన ఇంగ్లీషులను లోపాలుగా చూడరాదని కచ్రూ. హైదరాబాదులో ఇద్దరు భారతీయులు మాట్లాడుకునేటప్పుడు “ఐ హావ్ మెట్ హిమ్ ఎస్టర్‌డే” అన్నందువల్ల అర్థానికి కలిగే నష్టం లేదు, అక్కడ కచ్రూ వాదమే న్యాయం; మాట్లాడుతున్నవారిని మధ్యలో ఆపి దిద్దడం మర్యాద కాదు, బోధనా కాదు. అయితే పని ఎప్పుడు జరిగిందో చెప్పే మాట లేని వాక్యంలో పరిస్థితి వేరు. “షీ వర్క్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్” అంటే ఉద్యోగం మానేసిందని, “షీ హాజ్ వర్క్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్” అంటే ఇంకా చేస్తోందని ఇతర దేశాల పాఠకుడు అర్థం చేసుకుంటాడు. వీసా దరఖాస్తులో, అనుభవ పత్రంలో, రోగి చరిత్రలో ఈ తేడా చిన్నది కాదు. ‘ఎస్టర్‌డే’తో ‘హావ్’ కలపడం స్వయంగా పెద్ద నేరం కాకపోయినా, ఈ రెండు రూపాల మధ్య అర్థభేదం వక్త మనసులో ఇంకా ఏర్పడలేదనడానికి అది గుర్తు. చికిత్స కావలసింది ఆ భేదానికి.

భాషాబోధన పరిశోధకుడు బిల్ వాన్‌పాటెన్ 1990ల నుంచి చెబుతున్న ఒక సూత్రం ఇక్కడ దారి చూపుతుంది: ఒకే అర్థాన్ని విడి పదమూ వ్యాకరణ రూపమూ రెండూ చెబుతున్నప్పుడు, నేర్చుకునేవారు పదాన్నే పట్టుకుని రూపాన్ని వదిలేస్తారు. వాక్యంలో ‘ఎస్టర్‌డే’ ఉన్నంతకాలం క్రియ రూపాన్ని గమనించవలసిన అవసరమే వారికి కలగదు. కాలాన్ని మాటతో చెప్పి క్రియను మార్చకుండా ఉంచడానికి అలవాటుపడిన తెలుగువారి విషయంలో ఈ సూత్రం రెట్టింపు వర్తిస్తుంది. అందువల్ల మొదటి అభ్యాసంలో కాలవాచక పదాలు అసలే ఉండకూడదు. “మై బ్రదర్ హాజ్ గాన్ టు దుబాయ్”, “మై బ్రదర్ వెంట్ టు దుబాయ్” అనే జంటను ఉపాధ్యాయుడు చదివి, అన్న ఇప్పుడు ఎక్కడున్నాడని అడగాలి. మొదటిదానికి ‘దుబాయ్‌లో, లేదా దారిలో’ అన్నది జవాబు, రెండోదానికి ‘చెప్పలేం, తిరిగి వచ్చి ఉండవచ్చు’ అన్నది జవాబు. జవాబు తెలుగులో చెప్పినా అభ్యంతరం లేదు. ఈ దశలో విద్యార్థి చేయవలసింది వాక్యం తయారు చేయడం కాదు, క్రియను విని కాలాన్ని పట్టుకోవడం. ఇలాంటి పది పన్నెండు జంటలు తడబాటు లేకుండా వచ్చేదాకా మాట్లాడించే అభ్యాసాల జోలికి పోకపోవడం మేలు.

తర్వాతి అభ్యాసం రెండు మలుపుల సంభాషణ. “హావ్ యూ ఎవర్ బీన్ టు అరకు?” అని ఒకరు, “ఎస్, ఐ హావ్” అని మరొకరు, వెంటనే “వెన్ డిడ్ యూ గో?” అన్న ప్రశ్నకు “ఐ వెంట్ ఇన్ డిసెంబర్” అన్న జవాబు. అనుభవం ఉందా లేదా అన్నంతవరకు ‘హావ్’, ఎప్పుడన్న ప్రశ్న పుట్టగానే సింపుల్ పాస్ట్ అనే మలుపు ఇందులో నోటికి అలవాటవుతుంది. ఉపాధ్యాయుడు చెవి పెట్టవలసింది మూడో వాక్యం మీద, చాలామంది అక్కడ “వెన్ హావ్ యూ గాన్?” అంటారు. ‘వెన్’ అనే మాటే గడిచిన కాలంలోని ఒక బిందువును అడుగుతోందని గుర్తించనివారు ఇక్కడే దొరికిపోతారు. దీనితోపాటు మొదటి కొన్ని వారాలు కాలవాచకాన్ని ముందుపెట్టి “ఎస్టర్‌డే, ఐ సా హిమ్” అని చెప్పించవచ్చు. అది ఇంగ్లీషులో తప్పు కాదు, తెలుగు వరుసకు దగ్గర, క్రియ నోటికి రాకముందే కాలం మనసులో స్థిరపడుతుంది. అలవాటైన తర్వాత దాన్ని వాక్యం చివరికి జరపవచ్చు.

గుర్తుపదాలను బట్టి రూపం ఎంచుకునే అలవాటును విరగ్గొట్టడానికి ‘సిన్స్ ఎస్టర్‌డే’ కలిగిన వాక్యాలను ‘ఎస్టర్‌డే’ వాక్యాల మధ్య కలిపి ఇవ్వాలి. “ఐ హావ్ బీన్ ఇల్ సిన్స్ ఎస్టర్‌డే”లో ‘ఎస్టర్‌డే’ ఉన్నా ‘హావ్’ తప్పనిసరి, ఎందుకంటే నిన్న మొదలైన జ్వరం ఈ క్షణం దాకా సాగింది. ‘దిస్ మార్నింగ్’ మరీ మంచి పరీక్ష: పొద్దున పది గంటలకు “ఐ హావ్ కాల్‌డ్ హిమ్ ట్వైస్ దిస్ మార్నింగ్” సరైనదే, సాయంత్రం నాలుగింటికి అదే విషయం “ఐ కాల్‌డ్ హిమ్ ట్వైస్ దిస్ మార్నింగ్” అవుతుంది. పదం మారలేదు, గడియారం మారింది. “హీ మస్ట్ హావ్ లెఫ్ట్ ఎస్టర్‌డే”, అంటే ‘నిన్న వెళ్లి ఉంటాడు’, వంటి వాక్యాలు పూర్తిగా సరైనవేనని కూడా పై తరగతుల్లో చెప్పక తప్పదు. ‘మస్ట్’ తర్వాత వచ్చే ‘హావ్’ వర్తమానాన్ని సూచించదు గనుక అక్కడ నిషేధం లేదు. ఇది చెప్పకపోతే చురుకైన విద్యార్థులు పుస్తకాల్లో అలాంటి వాక్యాలు చూసి, నేర్చిన నియమాన్నే అనుమానిస్తారు.

ఈ అభ్యాసాల ఫలితం తేలేది సొంత రాతను దిద్దుకునేటప్పుడు. కార్యాలయాల్లో రోజూ కనిపించే తరహా లేఖ ఒకటి తీసుకుంటే: “ఐ హావ్ జాయిన్డ్ ద కంపెనీ ఇన్ 2021. ఐ హావ్ సబ్మిటెడ్ మై లీవ్ లెటర్ లాస్ట్ మండే, బట్ ఐ డిడ్ నాట్ గెట్ ఎనీ రిప్లై టిల్ నౌ. మై మదర్ ఈజ్ ఇన్ హాస్పిటల్ సిన్స్ ఎస్టర్‌డే.” నాలుగు క్రియల్లో ఒక్కటీ కుదురుగా లేదు. 2021, పోయిన సోమవారం ముగిసిన కాలాలు కనుక మొదటి రెండూ ‘జాయిన్డ్’, ‘సబ్మిటెడ్’ అని ఉండాలి. మూడోదానిలో ‘టిల్ నౌ’ కాలాన్ని ఈ క్షణానికి తెచ్చి ముడివేసింది కాబట్టి “ఐ హావ్ నాట్ గాట్ ఎనీ రిప్లై” కావాలి. “నిన్న జవాబు రాలేదు”, “ఇంకా జవాబు రాలేదు” అనే రెండుచోట్లా తెలుగులో ‘రాలేదు’ ఒక్కటే కావడం వల్ల ఇక్కడ ‘డిడ్ నాట్’ వచ్చి కూర్చుంది. నాలుగోదానిలో ‘నిన్నటి నుంచి ఆస్పత్రిలో ఉంది’ అనే తెలుగు వాక్యంలోని ‘ఉంది’ యథాతథంగా ‘ఈజ్’ అయింది. అది ‘హాజ్ బీన్’ కావాలి. అవసరం లేని రెండుచోట్ల ‘హావ్’ వచ్చింది, అవసరమైన రెండుచోట్ల రాలేదు. తప్పు ‘హావ్‌ను అతిగా వాడడం’ కాదని, కాలం ముగిసిందా ఇప్పటిదాకా సాగిందా అన్న ప్రశ్న వేసుకోకపోవడమని ఈ నాలుగు క్రియలే రుజువు చేస్తాయి. దిద్దేటప్పుడు విద్యార్థి ప్రతి క్రియ కింద గీత గీసి, ఆ పని ఏ కాలానిదో, రాస్తున్న ఈ క్షణానికి ఆ కాలం ముగిసిందో లేదో అంచున రాసి, ఆ తర్వాతే రూపం మార్చాలి.

పాఠశాలల్లో దీన్ని అమలు చేయడానికి కొత్త నిధులు, పరికరాలు అవసరం లేదు. ప్రశ్నపత్రం మారితే చాలావరకు పని జరుగుతుంది, ఎందుకంటే పరీక్షలో అడిగేదే తరగతిలో జరుగుతుంది. బ్రాకెట్లో క్రియ ఇచ్చి ఖాళీ నింపమనే ప్రశ్నల్లో కొన్నింటిని తీసేసి, వాటి స్థానంలో కాలవాచకం లేని వాక్యం ఇచ్చి అర్థం అడిగే ప్రశ్నలు, సంభాషణలో తర్వాతి మాట రాయించే ప్రశ్నలు, చిన్న లేఖను కారణంతో సహా దిద్దించే ప్రశ్నలు చేర్చవచ్చు. పాఠ్యపుస్తకాల్లో ‘ఇప్పుడే ముగిసిన పని’ అనే నిర్వచనాన్ని, ‘హావ్’ను ‘ఉన్నాను’తో సమానం చేసే అనువాదాన్ని తొలగించాలి. ఉపాధ్యాయ శిక్షణలో ఈ అంశానికి ఒక పూట కేటాయించినా, తమ మాటల్లోనూ ఇదే అలవాటు ఉన్న ఉపాధ్యాయులు చిన్నబుచ్చుకోకుండా చర్చించుకునే వీలు కలుగుతుంది. రోజంతా తరగతిలో వినబడే ఇంగ్లీషు వారిదే కనుక పుస్తకం ఎంత మారినా ఆ ప్రభావాన్ని దాటలేదు.

ఫలితాన్ని అంచనా వేసే పద్ధతిలోనూ జాగ్రత్త అవసరం. పాఠం చెప్పిన మర్నాడు పెట్టే పరీక్షలో అందరూ నెగ్గుతారు. రెండు నెలల తర్వాత, వ్యాకరణం ఊసెత్తకుండా, గత వారం ఊళ్లో జరిగిన ఒక సంఘటనను రెండు నిమిషాలు చెప్పమని, ఆ తర్వాత ఈ ఏడాది ఇప్పటిదాకా చదివిన పుస్తకాల గురించి చెప్పమని అడిగి, రెండింటినీ ఫోనులో రికార్డు చేసి వింటే నిజం తెలుస్తుంది. మొదటి కథనంలో ‘హావ్’ తగ్గి, రెండోదానిలో నిలిచి ఉంటే అభ్యాసం పనిచేసినట్టు. రెండింటిలోనూ ‘హావ్’ మాయమై “ఐ డిడ్ నాట్ ఫినిష్ ఇట్ టిల్ నౌ” వంటి వాక్యాలు పెరిగితే విద్యార్థికి అబ్బింది అర్థభేదం కాదు, ‘హావ్’ అంటే భయం. అలాంటివారికి నియమాన్ని మళ్లీ వల్లె వేయించకుండా, దుబాయ్ వెళ్లిన అన్న ఇప్పుడెక్కడున్నాడన్న మొదటి మెట్టు నుంచే అభ్యాసం తిరిగి మొదలుపెట్టాలి.